ఒకే పొరపాటు, రెండు తీర్పులు

వైద్యుడు చేసిన తప్పును రోగికి జరిగిన హానిని బట్టి కొలవడం మనకు ఎంత అలవాటంటే, అందులో వింత ఏమైనా ఉందని కూడా తోచదు. రోగి బతికితే ‘పోనీలెండి, గండం గడిచింది’ అంటాం. పోతే ‘ప్రాణం తీశాడు’ అంటాం. వైద్యుడు చేసినది మాత్రం రెండుచోట్లా ఒకటే కావచ్చు. ఈ విషయం నేను పుస్తకాలలో చదివి తెలుసుకోలేదు. ఒకే వార్డులో, పదమూడేళ్ల ఎడంతో, రెండుసార్లు చూశాను. మొదటిసారి తప్పు చేసినవాణ్ణి నేనే.

1979లో నేను హౌస్ సర్జన్‌ని. వానాకాలం. వాంతులు, విరేచనాలతో వచ్చినవారితో వార్డు నిండిపోయి మంచానికి ఇద్దరు చొప్పున పడుకున్నారు, మిగిలినవారు నేల మీద ఉన్నారు. అటువంటి రోగుల ఒంట్లోంచి నీటితోపాటు పొటాషియం కూడా పోతుంది కనుక, సెలైన్ సీసాలో కలపడానికి పొటాషియం క్లోరైడ్ ఆంప్యూళ్లు ఇంజెక్షన్ ట్రేలోనే ఉండేవి. వాటి పక్కనే యాంటీబయాటిక్ పొడిని కరిగించే డిస్టిల్డ్ వాటర్ ఆంప్యూళ్లు. రెండూ పది మిల్లీలీటర్లవే, రెండూ తెల్లని గాజువే, రెండింటిలోనూ ఉన్నది నీళ్లలా కనిపించే ద్రవమే. తేడా అంతా సన్నని అక్షరాలలో ఉండేది.

మందు తీసేముందు చీటీ మూడుసార్లు చదవాలని మాకు నేర్పారు. ట్రేలోంచి తీసేటప్పుడు ఒకసారి, సిరంజిలోకి లాగేముందు ఒకసారి, ఖాళీ ఆంప్యూల్‌ను పారేసేముందు ఒకసారి. ఆ రాత్రి నేను ఒక్కసారి కూడా చదవలేదు. చదవలేదని నాకు తెలుసు. అంతకుముందు కొన్ని వారాలుగా చదవడం మానేశాను, ఏమీ కాలేదు కనుక మానేయవచ్చని నా చెయ్యి నిర్ణయించుకుంది.

నలభై ఏళ్ల ఒక వ్యవసాయ కూలీకి యాంపిసిలిన్ కరిగించి నరంలోకి ఎక్కించడం మొదలుపెట్టాను. ఒక మిల్లీలీటరు వెళ్లిందో లేదో, ఆమె చెయ్యి లాగేసుకుని ‘మంట బాబూ, నిప్పు పోసినట్టుంది’ అని కేక పెట్టింది. ఆపాను. ట్రే వైపు చూశాను. నేను విరిచిన ఆంప్యూల్ మీద పొటాషియం క్లోరైడ్ అని ఉంది.

ఆ ఒక్క మాటకు అర్థం ఏమిటో వైద్యులు కాని పాఠకులకు కొంచెం వివరించాలి. మన రక్తంలోని ద్రవభాగం, అంటే ప్లాస్మా, సుమారు మూడు లీటర్లు. లీటరుకు నాలుగు మిల్లీ ఈక్వివలెంట్ల చొప్పున అందులో మొత్తం పన్నెండు దాకా పొటాషియం ఉంటుంది. గుండె లయ ఈ స్వల్ప పరిమాణం మీద ఆధారపడి ఉంది. ఆ చిన్న ఆంప్యూల్‌లో ఇరవై ఉంటుంది. దానిని సెలైన్ సీసాలో కలిపి, వార్డులో గంటకు పదికి మించకుండా, బొట్టుబొట్టుగా ఇస్తే ప్రాణం నిలుస్తుంది. అదే సిరంజితో ఒక్కసారిగా నెడితే, రక్తమంతటిలో కలిసేలోపే చిక్కని ధార గుండెకు చేరి, గుండె ఆగిపోతుంది. పలచన చేయని పొటాషియం నరం వెంట భరించలేని మంట పుట్టిస్తుంది. ఆమెను కాపాడింది ఆ మంటే.

నాడి చూశాను, బాగానే ఉంది. రాత్రంతా ఆమె మంచం దగ్గరే తిరిగాను. ఆంప్యూల్‌ను చెత్తబుట్టలో అడుగుకు తోసేశాను. ఎవరికీ చెప్పలేదు. మూడోనాడు ఆమె నాకు నమస్కారం పెట్టి ఇంటికి వెళ్లింది.

పదమూడేళ్ల తర్వాత అదే ఆసుపత్రికి బదిలీ మీద తిరిగి వచ్చాను, ఈసారి విభాగంలో పెద్దల్లో ఒకడిగా. ఒక రాత్రి ఉద్యోగంలో చేరి ఏడాది కూడా నిండని ఒక నర్సు అదే వార్డులో, అదే రకం ట్రేలోంచి, అదే ఆంప్యూల్‌ను డిస్టిల్డ్ వాటర్ అనుకుని యాంటీబయాటిక్ కరిగించింది. ఆమె ఇంజెక్షన్ ఇచ్చిన పెద్దాయన పక్షవాతంతో స్పృహ లేకుండా ఉన్నాడు. మంట పుట్టినా కేక పెట్టే స్థితిలో లేడు. పది మిల్లీలీటర్లూ వెళ్లాయి. సిరంజి తీసేలోపే ఆయన గుండె ఆగింది.

ఆ అమ్మాయిని అదే రోజు సస్పెండ్ చేశారు. పోలీసు కేసు నమోదయింది. విచారణ సంఘంలో ముగ్గురం ఉన్నాం, నేను ఒకణ్ణి. ‘క్షమింపరాని నిర్లక్ష్యం’ అని మా నివేదికలో రాశాం. దాని కింద నా సంతకం ఉంది.

ఆమెకూ నాకూ మధ్య తేడా ఏమిటో ఆనాటి నుంచి చాలాసార్లు లెక్క వేశాను. ఇద్దరమూ చీటీ చదవలేదు. నాకు చదువు ఎక్కువ, ఆమెకు అనుభవం తక్కువ కనుక నిజానికి నా తప్పే కొంచెం బరువైనది. మిగిలిన తేడా అంతా సిరంజికి రెండో కొసన ఉన్న మనిషిలో ఉంది. ఒకరు మెలకువగా ఉన్నారు, ఒకరు లేరు. ఆ సంగతిలో నా ప్రమేయమూ లేదు, ఆమె ప్రమేయమూ లేదు.

తత్త్వశాస్త్రంలో ఈ చిక్కుకు ‘మోరల్ లక్’ అని పేరు, నైతిక అదృష్టం అనవచ్చు. 1976లో బెర్నార్డ్ విలియమ్స్, థామస్ నేగెల్ అనే ఇద్దరు తత్త్వవేత్తలు ఒకే సదస్సులో దీని మీద పత్రాలు సమర్పించారు. నేగెల్ వాదం సులభంగానే అర్థమవుతుంది. మన అదుపులో లేని దానికి మనల్ని నిందించడం న్యాయం కాదని అందరమూ ఒప్పుకుంటాం. కానీ ఆచరణలో మన నిందలన్నీ అదుపులో లేని వాటి మీదే ఆధారపడి ఉంటాయి. బ్రేకులు పరీక్షించుకోకుండా బండి తీసిన ఇద్దరు డ్రైవర్లలో ఒకడి దారికి పిల్లవాడు అడ్డం వచ్చాడు, రెండోవాడి దారికి ఎవరూ రాలేదు. మొదటివాడు హంతకుడవుతాడు, రెండోవాడు ఇంటికి వెళ్లి భోజనం చేస్తాడు. అదుపులో లేనివాటిని ఒక్కొక్కటిగా తీసివేస్తూ పోతే, చివరకు నిందించడానికి మనిషే మిగలడేమో అన్నది నేగెల్ భయం. అంత దూరం వెళ్లడం నాకు చేతకాదు. నా సమస్య చిన్నది. ఆ రెండు ఆంప్యూళ్ల మధ్య న్యాయం ఎలా చేయాలి?

చట్టం ఏమంటుందో మొదట చూద్దాం. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో 125వ సెక్షన్ ప్రకారం, నిర్లక్ష్యంతో ఇతరుల ప్రాణానికి అపాయం కలిగించి, ఎవరికీ ఏమీ కాకపోతే మూడు నెలల వరకు జైలు లేదా 2,500 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. గాయమైతే శిక్ష ఆరు నెలల దాకా పెరుగుతుంది. తీవ్రగాయమైతే మూడేళ్ల దాకా. మనిషి పోతే 106వ సెక్షన్ కింద అయిదేళ్ల దాకా. నిర్లక్ష్యం ఎంతటిదన్న ప్రశ్న న్యాయమూర్తి పరిశీలనకు వస్తుంది, నిజమే. కానీ ఏ మెట్టు మీద నిలబెట్టి విచారిస్తారన్నది నిర్ణయించేది ఫలితమే. మరో వింత కూడా ఉంది. అదే 106వ సెక్షన్‌లో, వైద్యప్రక్రియ చేస్తుండగా రిజిస్టర్డ్ వైద్యుడి నిర్లక్ష్యంతో మరణం సంభవిస్తే శిక్ష రెండేళ్లకు మించదన్నారు. రిజిస్టర్డ్ వైద్యుడంటే ఎవరో ఇచ్చిన వివరణలో నర్సు లేదు. అదే ఆంప్యూల్ నేను ఎక్కించి రోగి పోతే రెండేళ్లు, ఆమె ఎక్కిస్తే అయిదేళ్లు. ఇది ఏ రకం అదృష్టమో నేగెల్‌ను అడగాలి.

వైద్యులను అనవసరంగా జైలుకు పంపకుండా ఉండేందుకు సుప్రీంకోర్టు 2005లో జేకబ్ మాథ్యూ కేసులో మంచి తీర్పే ఇచ్చింది. మామూలు పొరపాటు నేరం కాదనీ, నేరమనిపించుకోవాలంటే నిర్లక్ష్యం చాలా పెద్దదై ఉండాలనీ, వైద్యుడి మీద చర్యకు ముందు దర్యాప్తు అధికారి అదే రంగంలో నిష్పాక్షికుడైన మరో వైద్యుడి అభిప్రాయం తీసుకోవాలనీ చెప్పింది. ఇక్కడ నా సందేహం ఒక్కటే. ఆ నిష్పాక్షికుడైన వైద్యుడికి రోగి చనిపోయాడని ముందే తెలుసు.

అది తెలిస్తే ఏమవుతుందో కొలిచి చూసినవారున్నారు. 1991లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో ముగ్గురు పరిశోధకులు ఒక అధ్యయనం ప్రచురించారు. మత్తు ఇచ్చేటప్పుడు హాని జరిగిన 21 కేసులు తీసుకుని, ఒక్కోదానికి రెండు ప్రతులు తయారు చేశారు. చికిత్స వివరాలన్నీ అక్షరం పొల్లుపోకుండా ఒకటే. చివరి వాక్యం మాత్రమే వేరు. ఒక ప్రతిలో రోగికి తాత్కాలిక హాని, రెండోదానిలో శాశ్వత హాని. వీటిని 112 మంది మత్తువైద్యులకు ఇచ్చి, చికిత్స సరిగా జరిగిందా అని అడిగారు. తాత్కాలికమైన హానిని శాశ్వతంగా మార్చి చూపినప్పుడు, సరైన చికిత్సే జరిగిందన్నవారి వంతు 31 శాతం పాయింట్లు పడిపోయింది. వీరు కక్ష ఉన్నవారు కారు, ఏడుస్తున్న బంధువులు కారు. ఆ పనే రోజూ చేసేవారు. వారి కళ్లనే చివరి వాక్యం అంతగా కప్పేసింది. మా ముగ్గురి విచారణ సంఘం కళ్ల సంగతి వేరే చెప్పాలా?

ఫలితాన్ని పూర్తిగా పక్కన పెట్టాలంటే దానికీ ఒక జవాబుంది, దానిని తేలికగా తీసిపారేయలేను. కొన్నిసార్లు ఫలితమే మన కళ్లు తెరిపిస్తుంది. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పుర్ దగ్గర కుటుంబ నియంత్రణ శిబిరంలో ఒకే శస్త్రవైద్యుడు కొద్ది గంటలలో 83 మంది స్త్రీలకు ఆపరేషన్లు చేశాడు. ఒక వైద్యుడు రోజుకు ముప్ఫైకి మించి చేయరాదన్నది ప్రభుత్వ నిబంధన. ఆ శిబిరంలో, ఆ రోజుల్లోనే చుట్టుపక్కల జరిగిన శిబిరాలలో పదిమందికి పైగా స్త్రీలు మరణించారు. మరణాలకు కారణం ఇన్‌ఫెక్షనా, ఇచ్చిన మాత్రలలోని కల్తీయా అన్న వివాదం నడిచింది. ఏదైనా, ఆ మరణాలు లేకపోతే ఆ శిబిరం గురించి దేశానికి తెలిసేదే కాదు. అయితే అదే సంవత్సరం జనవరిలో అదే వైద్యుణ్ణి, వేలకొద్దీ ఆపరేషన్లు చేసినందుకు ప్రభుత్వం సత్కరించిందని పత్రికలు రాశాయి. అంటే అప్పటిదాకా ఆ వేగానికి శాలువా కప్పారు. నవంబరులో అదే వేగానికి సంకెళ్లు వేశారు. నిబంధన మీరిన తప్పు బతికి బయటపడిన స్త్రీలందరి విషయంలోనూ జరిగింది. వారి పక్షాన అడిగేవారు లేరు, ఎందుకంటే వారికి ‘ఏమీ కాలేదు’.

కనుక ఫలితం తప్పు ఎక్కడుందో చూపించే దీపంగా పనికి వస్తుంది. తప్పు బరువు తూచే తరాజుగా పనికి రాదు. ఇదీ నా అభిప్రాయం. దీనిని అమలు చేయాలంటే మనం కలగాపులగం చేస్తున్న మూడింటిని విడదీయాలి. మొదటిది పరిహారం. అది హానిని బట్టే ఉండాలి. పెద్దాయన కుటుంబానికి రావలసినది, చేతిమంటతో బయటపడిన ఆమెకు రావలసినదానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ. పరిహారం ఇవ్వడానికి ఎవరో ఒకరిని దుర్మార్గుడని తేల్చనక్కరలేదు. రెండోది శిక్ష. అది చేసిన పనిని బట్టి ఉండాలి. చీటీ చదవని హౌస్ సర్జన్‌కూ, చీటీ చదవని నర్సుకూ ఒకటే. ఇది నాకు అనుకూలమైన వాదం అనిపించవచ్చు. అనుకూలం కాదు. ఆమెను వదిలేయమనడమే కాదు దీని అర్థం, నన్ను వదిలేసి ఉండకూడదని కూడా. కొన్ని వారాలు ఇంజెక్షన్లు ఇచ్చే పని నుంచి తప్పించి, ఒకరి పర్యవేక్షణలో తిరిగి నేర్చుకోమని, జరిగినది రాతపూర్వకంగా ఒప్పుకోమని ఇద్దరికీ చెప్పి ఉండవలసింది. ఆ రెండు ఆంప్యూళ్లను ఒకే ట్రేలో పెట్టించిన పెద్దలకు అంతకన్నా గట్టిగా.

మూడోది వగపు. దీనిని మాత్రం ఫలితం నుంచి విడదీయలేం, విడదీయకూడదు కూడా. విలియమ్స్ ఒక లారీ డ్రైవర్ ఉదాహరణ చెప్పాడు. ఏ తప్పూ లేకుండానే అతని చక్రాల కింద ఒక బిడ్డ పడింది. నీ తప్పేమీ లేదని మనం అతణ్ణి ఓదారుస్తాం, ఓదార్చడం న్యాయమే. కానీ అతడు ‘నిజమే, నా తప్పు లేదు’ అని వెంటనే తేలికపడి టీ తాగడానికి వెళ్తే, అతనిలో ఏదో లోపించిందనుకుంటాం. నా చేతుల మీదుగా జరిగింది అన్న బాధ చట్టం వేసే శిక్ష కాదు, పక్కవారు వేయవలసిన నిందా కాదు. అది చేసినవాడి సొంతం.

ఈ తేడా మన పెద్దలకు తెలియనిది కాదు. అయోధ్యకాండలో దశరథుడు యువరాజుగా ఉండగా చీకట్లో సరయూ తీరాన నీటి చప్పుడు విని, ఏనుగనుకుని శబ్దవేధి బాణం వేశాడు. అక్కడ నిజంగా ఏనుగే ఉంటే అది విలువిద్యా నైపుణ్యం. ఉన్నది కడవ ముంచుతున్న మునికుమారుడు. ఏం కొడుతున్నాడో చూడకుండా కొట్టడం రెండుచోట్లా ఒకటే. శాపం పెట్టిన ఆ వృద్ధముని కూడా రెండు విషయాలు గమనించాడు. దశరథుడు తెలియక చేశాడు, తానే వచ్చి చెప్పాడు. నీ అంతట నీవే వచ్చి చెప్పి ఉండకపోతే నీ తల వేయి వ్రక్కలయ్యేదన్న అర్థంలో ముని మాట్లాడతాడు. కొడుకును పోగొట్టుకున్న తండ్రి, ఆ దుఃఖంలోనూ, ఒప్పుకోవడానికి ఒక విలువ కట్టాడు. మా సంఘం కట్టలేదు. ఆంప్యూల్‌ను తానే తీసుకువచ్చి బల్ల మీద పెట్టి, ‘ఇది నేనే ఎక్కించానండీ’ అని చెప్పింది ఆ అమ్మాయి. నివేదికలో ఆ వాక్యం నేరాంగీకారం కింద చేరింది.

హాని జరగని పొరపాట్లను నమోదు చేసే పుస్తకం ఈనాడు మంచి ఆసుపత్రులలో ఉంటుంది. చేసినవారి పేరు అడగరు, ఏం జరిగిందో అడుగుతారు. చిక్కని పొటాషియం వంటి ద్రావణాలను మామూలు వార్డు ట్రేలలోంచి తొలగించి, విడిగా, గుర్తు పెట్టి, తాళం వేసి ఉంచాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ 2007లో విడుదల చేసిన రోగి భద్రతా సూచనలలో ఒకటి. మరణాలపై సమీక్ష జరిపేటప్పుడు చివరి పుట మూసి ఉంచి, ‘ఇంతవరకు చదివి చెప్పండి, ఇది తప్పేనా?’ అని ఒకరిద్దరిని ముందు అడగడం నా ఉద్యోగం చివరి సంవత్సరాలలో మా విభాగంలో అలవాటు చేశాను. చనిపోయినవారి ఫైళ్ల మధ్య బతికినవారివి కొన్ని కలిపేవాణ్ణి. రెండింటికీ వచ్చే తీర్పులు అప్పుడు ఎంత దగ్గరగా ఉండేవో చూసి జూనియర్లు ఆశ్చర్యపోయేవారు.

ఆ నర్సుకు తర్వాత ఉద్యోగం తిరిగి వచ్చింది, వేరే ఊరికి మార్చారు. పదవీ విరమణ తర్వాత ఒక నర్సింగ్ పాఠశాలలో పిల్లలకు మందుల భద్రత గురించి మాట్లాడుతూ, 1979 నాటి సంగతి మొదటిసారి బయటపెట్టాను. రెండో వరుసలో కూర్చున్న ఒక అమ్మాయి లేచి అడిగింది. ‘మీరు ఆ రాత్రే చెప్పి ఉంటే, సార్, ఆ ఆంప్యూళ్లు పదమూడేళ్ల దాకా అదే ట్రేలో ఉండేవా?’

ఉండేవి కావేమో. ఆ పెద్దాయన ఆ రాత్రి పోకపోయి ఉంటే, నా మౌనం కూడా ఒక తప్పేనని నాకు ఎప్పటికైనా తోచేదా అన్నది నేను ఆమెకు చెప్పని రెండో ప్రశ్న.